12 అడుగుల గేటు: 14 గేజా, 16 గేజా? రెక్క జారకుండా ఉండాలంటే?

కరకంబాడిరోడ్డు
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. ఇంటి ముందు కాంపౌండ్ గోడ అయిపోయింది, గేటుకు 12 అడుగుల ఖాళీ వదిలాం. రెండు రెక్కలు, ఒక్కోటి 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు. కింద సగం రేకు, పైన నిలువు రాడ్లు. రెండు షాపుల్లో అడిగాను. ఒకాయన 40 బై 40 స్క్వేర్ పైపు 14 గేజ్ వేస్తాను, కిలో లెక్కన అన్నాడు. రెండో ఆయన అదే సైజులో 16 గేజ్ చాలు, చదరపు అడుగు లెక్కన అన్నాడు. రెండో ఆయన దగ్గరే తక్కువ పడుతోంది. మా పక్కింటి గేటు పెట్టిన కొత్తలోనే జారిపోయింది, రెక్క చివర నేలకు రాసుకుంటోంది, రోజూ పైకి ఎత్తి మూస్తున్నారు. అది చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఏ గేజ్ తీసుకోమంటారు?

గ్రీమ్స్‌పేట_మామ
నాయనా, గేజ్ గొడవ పక్కన పెట్టు. జింకు పూత ఉన్న జీఐ పైపు వేయించుకో. చిత్తూరులో మా ఇంటికి అదే వేయించాను. జీఐకి తుప్పు పట్టదు, పెయింటు కూడా అక్కర్లేదు. అందం కావాలంటే ఒక కోటు రెడ్ ఆక్సైడ్ కొట్టి పైన రంగు వేస్తే జీవితాంతం ఉంటుంది. 14 అయినా 16 అయినా ఒకటే.

కోతులబాధ
మాది కపిలతీర్థం దగ్గర. గ్రిల్ గురించి కాబట్టి నేనూ అడుగుతున్నా. మా కిటికీ గ్రిల్ రాడ్ల మధ్య 5 అంగుళాలు ఉంది, కోతి పిల్ల దూరి వంటింట్లోకి వచ్చేస్తోంది. ఎంత గ్యాప్ పెట్టించాలి?

పుత్తూరు_వెల్డర్
కోతులబాధ గారూ, ఇక్కడ నడుస్తున్నది గేటు సంగతి. అయినా చెబుతా. 3 అంగుళాలు దాటనివ్వకండి. ఉన్న గ్రిల్ తీసేయాల్సిన పని లేదు, రెండేసి రాడ్ల మధ్య ఇంకో 10 ఎంఎం స్క్వేర్ రాడ్ వేయించుకుంటే సరిపోతుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి. గ్రిల్ కింది పట్టీ కిటికీ గట్టు మీద ఆనుకుని ఉంటే వాన నీళ్లు అక్కడే నిలబడి ముందు అదే తుప్పు పడుతుంది. కొత్త గ్రిల్ అయితే గట్టుకు పైన వేలు దూరేంత ఖాళీ వదిలి, పక్క గోడల్లోకి బిగించమనండి.

ఇక గేటు. కరకంబాడి అన్నా, మీరు అడిగిన ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. మీ పిల్లర్లు కాంక్రీటువా, ఇటుకవా? పక్కింటి వాళ్లవి ఏవి? వాళ్ల గేటు రెక్కకు ఒక కొలత తీసుకోండి. టేపు పట్టి ఈ మూల నుంచి ఎదురు మూలకు, మళ్లీ ఆ మూల నుంచి ఈ మూలకు కొలవండి. రెండూ సమానంగా వస్తే రెక్క బాగానే ఉన్నట్టు, కీళ్ల దగ్గరో పిల్లర్ దగ్గరో కదిలింది. తేడా వస్తే రెక్కే వంకరపోయింది. జారిన గేటు చూసి అందరూ పైపును తిడతారు. నా దగ్గరకు రిపేరుకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం పైపు తప్పు కాదు.

కరకంబాడిరోడ్డు
ఇప్పుడే వెళ్లి కొలిచాను. రెండు మూలకొలతలూ ఇంచుమించు ఒకటే. పై కీలు దగ్గర మాత్రం ప్లాస్టరింగ్ పగిలి, లోపల పాతిన పట్టీ చుట్టూ సందు కనిపిస్తోంది. వాళ్లవి ఇటుక పిల్లర్లు. మావీ ఇటుకవే, 9 అంగుళాలు బై 9 అంగుళాలు, లోపల కమ్మీలు లేవు. ప్లాస్టరింగ్ కూడా అయిపోయింది. పట్టీ పాతి చుట్టూ కాంక్రీటు పోస్తే ఏమీ కాదని మేస్త్రీ అన్నాడు.

సివిల్_శ్రీలత
కొంచెం లెక్క చూద్దాం, అప్పుడు గేజ్ ఎక్కడ లెక్కలోకి వస్తుందో, పిల్లర్ ఎక్కడ వస్తుందో తెలుస్తుంది.

మీ రెక్క ఒకటి: చుట్టూ ఫ్రేమ్, మధ్యలో ఒక అడ్డం. 40 బై 40, 14 గేజ్ అంటే 2 ఎంఎం మందం. దాదాపు ఎనిమిదిన్నర మీటర్ల పైపు, 20 కిలోలు. రాడ్లు 12 ఎంఎం స్క్వేర్ అయితే, అవి రేకు వెనకగా కింది దాకా వస్తే, ఇంకో 25 కిలోలు. సగానికి రేకు 13 కిలోలు. గడియ, కీళ్లు కలిపితే రెక్క 60 కిలోలు అనుకోండి. 16 గేజ్‌కు మారితే తగ్గేది మూడు, నాలుగు కిలోలే. అంటే గేజ్ తగ్గించినంత మాత్రాన పిల్లర్‌కు బరువేమీ తగ్గదు.

ఇప్పుడు లాగుడు. ఈ 60 కిలోలు రెక్క మధ్యలో, అంటే కీలు నుంచి 3 అడుగుల దూరంలో వేలాడుతున్నట్టు. పైనా కిందా ఆరేసి అంగుళాలు వదిలితే రెండు కీళ్ల మధ్య 4 అడుగులు వస్తుంది. 60ని 3తో గుణించి 4తో భాగించండి. పై కీలును బయటకు లాగే బలం 45 కిలోలు, కింది కీలును లోపలికి నొక్కేది కూడా అంతే. పిల్లవాడు గేటు చివర పట్టుకుని ఊగాడనుకోండి, 40 కిలోల వాడు. వాడు ఒక్కడే ఇంకో 60 కిలోల లాగుడు కలుపుతాడు. అందుకే రెండు కీళ్లూ వీలైనంత దూరంగా ఉండాలి. 3 అడుగుల దూరంలో పెడితే, ఖాళీ గేటుకే పై కీలు మీద లాగుడు 60 అవుతుంది.

ఇక పిల్లర్. 9 అంగుళాల ఇటుక పిల్లర్ ఐదున్నర అడుగుల ఎత్తుకు 170 కిలోల దాకా బరువు ఉంటుంది. ఆ సొంత బరువుతో అది తట్టుకోగలిగేది ఖాళీ గేటు తిప్పే బలంలో మూడో వంతు మాత్రమే. మిగతాదంతా సిమెంటు పట్టు మీదా, పక్క గోడ ఆసరా మీదా నడుస్తోంది. గేటు మూసి ఉన్నప్పుడు లాగుడు గోడ వెంటే ఉంటుంది కాబట్టి గోడ పట్టుకుంటుంది. గేటు లోపలికి పూర్తిగా తెరిచి పెట్టినప్పుడు లాగుడు ఇంటి వైపు తిరుగుతుంది. అప్పుడు గోడ సాయం రాదు. మీ పక్కింటి వాళ్లు పగలంతా గేటు తెరిచే ఉంచుతారా?

కరకంబాడిరోడ్డు
అవును మేడమ్, వాళ్లది కిరాణా కొట్టు కూడా. పొద్దున్నుంచి రాత్రి దాకా తెరిచే ఉంటుంది.

రేణిగుంట_కుర్రోడు
పిల్లర్‌కు కెమికల్ యాంకర్లు వేసి ప్లేటు బిగించి దానికి హింజ్ వెల్డ్ చేస్తే సరిపోతుంది కదా. మా ఫ్యాక్టరీ షెడ్‌లో అన్నీ అలాగే చేశాం. రెండు టన్నుల లాగుడు ఆగుతుంది.

సివిల్_శ్రీలత
మీ షెడ్‌లో కాంక్రీటు కాలమ్ ఉంటుంది తమ్ముడూ. ఇటుకలో యాంకర్ పట్టు వేరు. యాంకర్ ఊడకపోయినా, అది పట్టుకున్న ఇటుకే చుట్టుపక్కల సిమెంటుతో సహా ఊడి రావచ్చు. ఇటుక కోసం జాలీ గొట్టంతో వచ్చే రకాలు ఉన్నాయి, కానీ పిల్లర్ మొత్తం వంగే సమస్య యాంకర్‌తో తీరదు.

పుత్తూరు_వెల్డర్
మేడమ్ చెప్పింది సరిగ్గా ఉంది. పిల్లర్ కట్టక ముందు అడిగి ఉంటే నాలుగు 12 ఎంఎం కమ్మీలతో కాంక్రీటు పిల్లర్ పోయించి, కీలు వచ్చే ఎత్తులో 8 ఎంఎం ప్లేటుకు రాడ్ ముక్కలు అంటించి కమ్మీలకు కట్టించి పోయమనేవాణ్ణి. తర్వాత పిల్లర్ చెక్కి కమ్మీకే డైరెక్టుగా హింజ్ వెల్డింగ్ పెట్టేవాళ్లు ఉన్నారు. టీఎంటీ కమ్మీ బలమంతా పైపొరలో ఉంటుంది, దాన్ని ఎర్రగా కాల్చేస్తే ఆ బలం పోతుంది. ముందే ప్లేటు పెట్టుకుంటే ఆ బాధ లేదు.

ఇప్పుడు అన్నీ అయిపోయాయి కాబట్టి నేను చేసే పద్ధతి ఇది. పిల్లర్‌ను అలంకారానికి వదిలేయండి. దాన్ని ఆనుకుని గేటు వైపు ఒక ఇనుప పోస్టు నిలబెట్టండి. 75 బై 75 స్క్వేర్ పైపు, 3 ఎంఎం మందం. ఛానల్ వేస్తామంటారు కొందరు, వద్దు. ఛానల్ ఒక దిక్కుకు గట్టిది, రెండో దిక్కుకు మెత్తది. మేడమ్ చెప్పినట్టు గేటు తెరిస్తే లాగుడు దిక్కు మారుతుంది కదా, స్క్వేర్ అయితే రెండు వైపులా ఒకే బలం. అడుగున్నర చదరం గుంత తీసి, రెండున్నర అడుగుల లోతున కాంక్రీటులో పాతాలి. పైనా మధ్యలోనూ పట్టీలతో పిల్లర్‌కు కట్టేస్తే చూడ్డానికి కూడా కలిసిపోతుంది. రెండు వైపులా మూడేసి అంగుళాలు పోతాయి, కారుకు అదేమీ అడ్డం కాదు. రెక్క కొలత మాత్రం పోస్టులు నిలబడ్డాకే తీసుకోవాలి. షాపుల వాళ్లు ముందే గేటు చేసేసి తర్వాత పోస్టు జరుపుతారు, ఒప్పుకోకండి.

పోస్టు కుళ్లేది నేల మట్టం దగ్గరే. మట్టి, నీళ్లు, గాలి మూడూ కలిసే చోటు అది. కాంక్రీటును నేల మట్టానికి ఆపకుండా రెండు అంగుళాలు పైకి తెచ్చి, చుట్టూ వాలుగా నునుపు చేయించండి. పోస్టు పైన ప్లేటుతో మూసేయాలి, తెరిచి వదిలితే వాన నీళ్లు నేరుగా లోపలికి.

గ్రీమ్స్‌పేట_మామ
ఇంత ఖర్చు అవసరమా నాయనా? మా గేటు ఇటుక పిల్లర్‌కే ఉంది, బ్రహ్మాండంగా ఉంది.

పుత్తూరు_వెల్డర్
మామా, మీ గేటు రెక్క వెడల్పు ఎంత?

గ్రీమ్స్‌పేట_మామ
మూడున్నర అడుగులు. మోటార్ సైకిల్‌కు పెట్టించింది.

పుత్తూరు_వెల్డర్
అదే మరి. వెడల్పు తగ్గితే బరువూ తగ్గుతుంది, దూరమూ తగ్గుతుంది. మీ రెక్కకు లాగుడు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. మీకు ఇటుక సరిపోయింది, ఈయనకు సరిపోదు.

జీఐ గురించి కూడా ఒక మాట. పైపు మంచిదే, నేనూ వాడతాను. కానీ వెల్డింగ్ పడిన ప్రతి చోటా జింకు కాలిపోతుంది, అక్కడ మిగిలేది మామూలు ఇనుమే. తుప్పు ఆ మూలల నుంచే మొదలవుతుంది. వెల్డ్ గ్రైండ్ చేసి, బ్రష్ కొట్టి, ఆ చోట్ల జింక్ రిచ్ పెయింటు రెండు కోట్లు వేయాలి. ఇక రెడ్ ఆక్సైడ్, దాని మీద ఎనామిల్ నేరుగా జీఐ మీద కొడితే కొన్నాళ్లకు పొరలు పొరలుగా లేస్తుంది. నూనె రంగుకూ జింకుకూ పడదు. జీఐ ప్రైమర్ అని వేరే దొరుకుతుంది, ముందు అది కొట్టాలి.

ఇంకోటి, జీఐ వెల్డింగ్ చేసేటప్పుడు తెల్ల పొగ వస్తుంది. మూసిన షెడ్‌లో చేస్తే సాయంత్రానికి చలి జ్వరం పట్టుకుంటుంది. పాలు తాగితే పోతుందని మావాళ్లు తాగుతారు, పాలతో ఏమీ పోదు. వెల్డ్ పడే చోట జింకు ముందే గ్రైండ్ చేసి, గాలి ఆడే చోట చేయించాలి.

గ్రీమ్స్‌పేట_మామ
మా గేటు రంగు మూలల్లో లేస్తున్న మాట నిజమే. పెయింటర్ నాసిరకం డబ్బా తెచ్చాడనుకున్నాను.

కరకంబాడిరోడ్డు
అన్నా, పోస్టు సంగతి అర్థమైంది. మరి నా అసలు ప్రశ్న, 14 గేజా 16 గేజా?

పుత్తూరు_వెల్డర్
ఫ్రేమ్‌కు 14. బరువు మోయడానికి 16 చాలు, కానీ హింజ్ అంటించే చోట సన్న గోడ పైపు నిలబడదు. ప్రతిసారి తెరిచి మూసినప్పుడు ఆ చిన్న చోటే వంగి లేస్తుంది. కొన్నాళ్లకు వెల్డ్ బాగానే ఉంటుంది, వెల్డ్ పక్కన పైపు గోడ వెంట్రుకలా చీలుతుంది. పెయింటు మీద సన్నటి తుప్పు గీత కనిపిస్తే అది చీలికే. 14 గేజ్ మీద కూడా నేను హింజ్ నేరుగా పెట్టను. 6 ఎంఎం పట్టీ నాలుగు అంగుళాల ముక్క ముందు పైపుకు చుట్టూ వెల్డ్ చేసి, దాని మీద హింజ్. ఇంకా మంచి పద్ధతి, హింజ్ వైపు నిలువు పైపు ఒక్కటీ 50 బై 50, 3 ఎంఎం వేసుకోవడం. మిగతా మూడు వైపులా 40 బై 40, 14 గేజ్.

గేజ్ నిజమో కాదో తెలుసుకోవాలంటే షాపులో 20 అడుగుల పైపు నిండుగా తూకం వేయమనండి. 40 బై 40లో 14 గేజ్ అయితే 14 కిలోల దగ్గర తూగాలి. పదకొండున్నర వచ్చిందంటే అది 16. కిలో లెక్క వాడికి బరువు పెంచాలనిపిస్తుంది, చదరపు అడుగు లెక్క వాడికి తగ్గించాలనిపిస్తుంది. ఎవరినీ అనుమానించక్కర్లేదు, పైపు సైజు, గేజ్, రాడ్ సైజు కాగితం మీద రాయించుకోండి.

సివిల్_శ్రీలత
మూలకు మూలకు పట్టీ ఒకటి వేయించండి. రేకు ఉన్న కింది సగానికి అవసరం లేదు, రేకే ఆ పని చేస్తుంది. పైన సగం రాడ్లే కాబట్టి అక్కడ వేయాలి. పట్టీ అయితే హింజ్ వైపు పై మూల నుంచి అవతలి చివర కిందికి రావాలి.

రేణిగుంట_కుర్రోడు
ఎటు వేసినా ఒకటే కదా మేడమ్? చాలా గేట్లకు కింద హింజ్ నుంచి పైకి వెళ్తుంది.

సివిల్_శ్రీలత
పైపు వేస్తే ఎటైనా ఒకటే. పట్టీ సన్నది, లాగితే ఆగుతుంది, నొక్కితే వంగిపోతుంది. నేను చెప్పిన దిక్కులో అయితే లాగుడే పడుతుంది. మీరు చూసినవి చెక్క గేట్ల పద్ధతి నుంచి వచ్చినవి, చెక్కలో అడ్డకర్రను నొక్కుడు మీద పెడతారు.

పుత్తూరు_వెల్డర్
కీళ్లు బిగించేటప్పుడు మీరు దగ్గర నిలబడండి. పోస్టుకు రెండు వైపులా గుండు కట్టి నిలువు చూసుకోవాలి. పైదీ కిందిదీ రెండు బుష్‌లలోకి ఒకే పొడవాటి రాడ్ దూర్చి, అది తేలిగ్గా తిరుగుతుండగా పోస్టుకు ట్యాక్, అంటే చిన్న చుక్క వెల్డ్, వేయాలి. అప్పుడు రెండూ ఒకే గీతలో ఉంటాయి. విడివిడిగా అంటిస్తే గేటు ఒక చోట బిగుసుకుంటుంది, తోసిన ప్రతిసారీ కీలు వెల్డ్ మీద ఒత్తిడి పడుతుంది. ట్యాక్ వేశాక రెక్క తగిలించి చివర వరకు తిప్పి చూసి, అప్పుడే పూర్తి వెల్డ్.

బరువంతా కింది కీలు మోయాలి, బేరింగ్ పెట్టిన పిన్ను అక్కడ వేయండి. పైది పట్టుకుని ఉంటే చాలు. పై పిన్నును తలకిందులుగా పెట్టిస్తే గేటును ఎవరూ ఎత్తి ఊడదీయలేరు.

రెక్క తయారీలో ఒక్క మాట. నాలుగు మూలలూ ట్యాక్ వేసి మూలకొలతలు సరిచూశాకే వెల్డింగ్. ఒక మూల పూర్తి చేసి పక్క మూలకు కాదు, ఎదురు మూలకు పోవాలి, లేకపోతే వేడికి ఫ్రేమ్ లాగేస్తుంది. 14 గేజ్ పైపుకు 12 నంబరు వెల్డింగ్ రాడ్, అంటే రెండున్నర ఎంఎం, 70 ఆంపియర్ల చుట్టుపక్కల. 10 నంబరు రాడ్‌తో కొట్టేవాడు పైపుకు చిల్లులు పెట్టి, వాటిని పుట్టీతో పూడుస్తాడు.

కరకంబాడిరోడ్డు
తుప్పుకు ఏం చేయాలి? జీఐ వద్దా మరి? ఇక్కడ ఎండాకాలం కంటే అక్టోబరు నుంచి డిసెంబరు వానలే భయం. 2021 నవంబరులో మా వీధిలో నీళ్లు గేటు మట్టానికి వచ్చాయి.

పుత్తూరు_వెల్డర్
మామూలు పైపు చాలు, పని సరిగ్గా చేస్తే. కొత్త పైపు మీద నూనె పొర ఉంటుంది, థిన్నర్ గుడ్డతో తుడవకుండా రెడ్ ఆక్సైడ్ కొడితే నూనె మీదే నిలుస్తుంది. వెల్డింగ్ మసి, చిటపటల గుళ్లు గ్రైండ్ చేయాలి. ప్రైమర్ రెండు కోట్లు, రెండో కోటు ఆరాక ఎనామిల్ రెండు కోట్లు. చాలామంది రెడ్ ఆక్సైడ్ కొట్టిన గేటు తగిలించి, గృహప్రవేశానికి రంగు వేద్దాంలే అని వానాకాలం అంతా అలాగే వదిలేస్తారు. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే నీళ్లను ఆపదు, లోపల తుప్పు పట్టాక పైన వేసిన రంగు దండగ.

అన్నిటికన్నా ముఖ్యం, రేకు ఫ్రేమ్ మీద కూర్చునే చోటు. అక్కడక్కడ చుక్కలుగా వెల్డ్ పెడతారు, మధ్యలో కాగితం దూరేంత సందు ఉంటుంది. నీళ్లు అందులోకి పోయి బయటికి రావు. గేట్ల మీద కిందికి కారిన ఎర్ర చారలు అక్కడివే. రేకు బిగించక ముందే ఆ రెండు ముఖాలకూ ప్రైమర్ కొట్టించి, బిగించాక సందును సీలెంట్‌తో మూయించండి. వెల్డ్ పడే చుక్కల దగ్గర ప్రైమర్ కాలుతుంది, దాన్ని మళ్లీ తాకించాలి.

పైపు లోపలి తుప్పు వేరే కథ. కింది అడ్డం పైపుకు అడుగున రెండు చివర్లా 6 ఎంఎం రంధ్రం పెట్టించండి, నీళ్లు పోతాయి.

రేణిగుంట_కుర్రోడు
ఇది మాత్రం ఒప్పుకోను అన్నా. రంధ్రం పెడితే గాలి, తేమ లోపలికి పిలిచినట్టే. అన్ని వైపులా పూర్తిగా వెల్డ్ చేసి మూసేస్తే లోపల ఉన్న కాస్త ఆక్సిజన్ అయిపోయాక తుప్పు ఆగిపోతుంది. మా ఫ్యాక్టరీలో అలాగే చేస్తారు.

పుత్తూరు_వెల్డర్
పూర్తిగా మూస్తే నువ్వన్నది నిజమే తమ్ముడూ. మూయగలమా అన్నదే ప్రశ్న. ఆఖరి వెల్డ్ మూసేటప్పుడు లోపలి వేడి గాలి ఆ చోటే పొడుచుకుని సూది బెజ్జం వదులుతుంది. మే నెల ఎండకు గేటు కాలిపోతుంటుంది, ఉన్నట్టుండి వాన పడితే లోపలి గాలి చల్లబడి ఆ బెజ్జం గుండా నీళ్లు పీల్చుకుంటుంది. పోయిన నీళ్లు మళ్లీ రావు. అరవై గేట్లలో ఒకటి సరిగ్గా మూయగలిగితే గొప్ప.

రేణిగుంట_కుర్రోడు
గ్రైండ్ చేసి మళ్లీ ఒక కోటు వెల్డ్ పెట్టి, సబ్బు నీళ్లతో చూసుకుంటే మూయొచ్చు. చేతగాని వెల్డింగ్ చూసి పద్ధతిని తప్పు పట్టకండి.

పుత్తూరు_వెల్డర్
నీ ఫ్యాక్టరీలో సబ్బు నీళ్లు పెట్టి చూసే ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. వీధి షాపులో ఎవరు చూస్తారు? నేను రంధ్రమే పెడతాను.

కరకంబాడిరోడ్డు
మీ ఇద్దరిలో ఎవరి మాట వినాలో తెలియడం లేదు, కానీ నేను మాట్లాడిన షాపులో సబ్బు నీళ్లు చూడరని మాత్రం చెప్పగలను. ఇంకో చిక్కు వచ్చింది. ఈరోజు పిల్లర్ పక్కన గుంత తీయిస్తే అడుగు లోతులోనే పిల్లర్ పునాది రాయి గేటు వైపు ఎనిమిది అంగుళాలు పొడుచుకుని ఉంది. దాన్ని కొట్టేయమంటారా?

సివిల్_శ్రీలత
కొట్టకండి. పిల్లర్, గోడ రెండూ దాని మీదే ఉన్నాయి. అడుగు లోతు గుంత మాత్రం సరిపోదు. ఒక దారి, పోస్టును పునాది అంచు దాటాక నిలబెట్టడం, అప్పుడు పోస్టుతో కలిపి రెండు వైపులా పదకొండేసి అంగుళాలు పోయి దారి పదిన్నర అడుగుల లోపుకు వస్తుంది. ఇంకో దారి, పోస్టు పిల్లర్ పక్కనే ఉంచి, రెండు పోస్టుల అడుగులనూ గేటు కింద నేలలో 9 అంగుళాల కాంక్రీటు బీముతో కలపడం, నాలుగు 12 ఎంఎం కమ్మీలతో. మూసినప్పుడు రెండు పోస్టులూ ఒకదాని వైపు ఒకటి వాలాలని చూస్తాయి, బీము మధ్యలో అడ్డు నిలుస్తుంది. గేటు తెరిచినప్పుడు మాత్రం బీము సాయం తక్కువ, అందుకని పునాది రాయి అంచు దాటాక బీము కింద ఇంటి వైపుకు ఒక్కో చోట రెండున్నర అడుగుల లోతు గుంత తీసి కాంక్రీటు కలిపి పోయించాలి. గుంత ఫోటో పెట్టండి, రాయి ఆకారం చూడకుండా కొలతలు చెప్పలేను. కారు వెడల్పు, వీధి నుంచి తిరిగే మలుపు కూడా రాయండి, ఆ వెడల్పు చాలితే మొదటి దారే చవక.

కరకంబాడిరోడ్డు
రేపు పొద్దున వెలుతురులో తీసి పెడతాను మేడమ్. వీధి 20 అడుగులు, చిన్న కారే. షాపాయనకు పోస్టులు నిలబడేదాకా పైపు కోయొద్దని ఫోన్ చేసి చెప్పాను.